మూడు సున్నాలు

రక్తం గడ్డకట్టనివాళ్ల సభను రక్తి కట్టించమని నన్నెవరూ అడగలేదు. కానీ మైకు కనబడితే నా చెయ్యి ఆగదు, చేతికొస్తే నోరు ఆగదు. జనగామలో మా సొసైటీ నడిపే హీమోఫిలియా కేంద్రంలో రక్తం తీసే టెక్నీషియన్ను నేనే, ధైర్యం చెప్పే కౌన్సెలర్నూ నేనే. సూది గుచ్చేదీ నేనే, ఆ నొప్పికి మాటలతో మందు రాసేదీ నేనే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో కలిపి నూరు మందికి పైగా ఉన్నారు మావాళ్లు. రక్తాన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఒంట్లో తయారు కాక, కాలు జారితే చాలు, మోకాలి లోపల రక్తం నిండి కుండలా ఉబ్బేవాళ్లు. "మా తాన ట్రాక్టర్ ఉన్నోళ్లున్నరు, ఫ్యాక్టర్ లేనోళ్లున్నరు" అని వాళ్లను కొత్తవాళ్లకు పరిచయం చేస్తుంటాను. నవ్వితే నొప్పి తగ్గుతుందని నాకొక నమ్మకం. నవ్వేది ఎవరు, నొప్పి ఎవరిది అని ఎన్నడూ చూసుకోలేదు.

ఫిబ్రవరిలో మానుకోటలో సభ పెట్టాం. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ మా నోటికి మానుకోటే. ఫంక్షన్ హాల్లో ఎనభై మంది దాకా వచ్చారు. ఆ రోజు అందరి కళ్లూ యుగేందర్ మీదే. భూపాలపల్లిలో జిరాక్సు దుకాణం నడుపుకునే ముప్ఫై ఏళ్ల మనిషి. తండ్రి బొగ్గుబావిలో చేసిన నౌకరీ ఇతనికి రావలసింది, మోకాళ్లు రానివ్వలేదు. జనవరిలో హైదరాబాద్‌లోని ఒక పరిశోధన ఆసుపత్రిలో ఇతనికి జీన్ చికిత్స చేశారు. ఒక్కటే డ్రిప్పు. అంతకు ముందు తొమ్మిదో నంబరు ఫ్యాక్టర్ నూటికి ఒకటి కూడా లేనివాడికి ఇప్పుడు ముప్ఫై దాకా ఉంది. మూడు జిల్లాల్లో ఆ మందు ఎక్కినవాడు ఇతనొక్కడే.

దంతాలపల్లి నుంచి వచ్చిన యాకమ్మ లేచి నిలబడింది. ఆమె కొడుకు నరేందర్‌కూ ఇదే జబ్బు.

"మా నరేందర్‌కెందుకియ్యరు సారూ? గాయినకేమన్న కొమ్ములున్నయా?"

నాకు కావలసింది అదే. మైకు అందుకున్నాను.

"జీన్ అంటే గుర్రం మీద జీను కాదవ్వా, కాళ్లకేసుకునే జీన్సు కాదు. ఫ్యాక్టర్ ఎట్ల తయారు చెయ్యాల్నో ఒంట్లె రాసిపెట్టిన చీటీ. యుగేందర్‌కు ఆ చీటీల తప్పువడ్డది. మంచి చీటీ ఒకటి లివర్ దాక మోస్కపోవాలె. కణంలకు దూరుడు వైరస్‌కు తెలిసినంత ఎవలికి తెల్వదు. అందుకని దాని సొంత చీటీలు గుంజి అవతల పారేసి, మన చీటీ పెట్టిండ్రు. వైరస్సు పోయింది, బస్సు మిగిలింది."

"గట్లయితే మావోన్ని సుత ఎక్కియ్యుండ్రి గా బస్సు."

"గా బస్సు చిన్నది. ఏఏవీ అంటరు దాన్ని. అన్నీ కలిపి నాలుగువేల ఏడువందల అక్షరాలు మించి పట్టవు. తొమ్మిదో నంబరు చీటీ పధ్నాలుగు వందల చిల్లర. దాన్ని ఆన్ చేసే మీట, మిగతా సామాను పెట్టినా ఇంకా జాగ ఉంటది. మీ నరేందర్‌ది ఎనిమిదో నంబరు. ఏడువేలు. నడుమ అక్కెర లేని ముక్క కోసేస్తే నాలుగువేల నాలుగువందలకు దిగుతది. గప్పుడు సుత సామాను పట్టదు, ఫుట్‌బోర్డు మీద ఏలాడినట్టే. దానికి సుత మందులు తయారైనయి గని మన దాక ఇంక రాలే."

"పెద్ద బస్సు లేదా మరి?"

"ఉన్నది. లెంటి అని ఇంకో వైరస్. దాంట్లె ఎనిమిదివేల దాక పడతయి. కాని అది మన చీటీని తీస్కపోయి మన సొంత పుస్తకం నడుమ కుట్టేస్తది. యాడ కుడ్తదో చెప్పలేం. ఎన్కట దాని అన్నదమ్ముల జాతి వైరస్‌తోటి కొంతమంది పిల్లలకు వైద్యం చేసిండ్రు. కణాన్ని పెరుగు పెరుగు అని ఉసిగొల్పే పేజీ పక్కన పోయి కుట్టుకున్నది. కొందరికి రక్తం క్యాన్సరొచ్చింది. ఇప్పటియి మంచిగ చేసిండ్రు గని భయం భయమే. ఏఏవీ గట్ల కాదు. అదొక్కటే ఉంటే మనిషికి రోగం తెచ్చినట్టు తెల్వదు. చీటీని పుస్తకంల కుట్టదు, పక్కన విడిగ పెట్టి ఊకుంటది. లివర్ కణాలు తొందరగ మారవు, కాబట్టి చీటీ ఏండ్ల తరబడి పనిచేస్తది. ఎక్కువ మట్టుకు గంతే."

"ఎక్కువ మట్టుకంటే?"

యాకమ్మ బడి మొహం చూడలేదు. కానీ అంత చదువుకున్న మా సొసైటీ అధ్యక్షుడికి రాని ప్రశ్న ఆమెకు వచ్చింది. దానికి తిన్నగా జవాబు చెప్పి దిగిపోవచ్చు.

"అరుదుగ యాడన్నొక్కకాడ కుట్టుకోవచ్చు. లివర్‌ల అయితే ఆ మనిషి మట్టుకే. విత్తనంల కుట్టుకుంటే మాత్రం పుట్టేటోళ్లకు పోతది. అందుకే పరీక్షలు."

అక్కడితో ఆగలేదు. హాలు నిండా రైతులు. విత్తనం మాట నా నోట్లో మొలకెత్తింది.

"విత్తనాల దుకాణపోడు మొలక పరీక్ష చేసినట్టు, మా భూపాలపల్లి వీరుడు నెలనెలా డబ్బా నింపి పంపాలె. మూడుసార్లు సున్నా వచ్చేదాక ఇంటామెకు సెలవులే. గాయన ఒట్టి వీరుడు కాదు, డబ్బా వీరుడు."

పేరు చెప్పలేదు. భూపాలపల్లి నుంచి మందు ఎక్కినవాడు ఒక్కడే అయినప్పుడు పేరెందుకు? హాలు కూలిపోయేంత నవ్వు. వెనక వరుసలో ఒకాయన తింటున్న పప్పన్నం పొలమారింది. యుగేందర్ కూడా నవ్వాడు. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టాడు, అందరికన్నా ముందు ఆపేశాడు. అది చూశాను. చూసి కూడా, ఎంత బాగా పేలిందో అనుకుంటూ మైకు దిగాను.

ఆ పరీక్ష సంగతి ఇది. మందు ఎక్కాక కొన్ని వారాలు, కొన్ని నెలలు వైరస్ తాలూకు ముక్కలు మూత్రంలో, ఉమ్మిలో, వీర్యంలో కనబడతాయి. వీర్యంలో వరసగా మూడు పరీక్షల్లో లేవని తేలేదాకా దంపతులు నిరోధ్ వాడాలి. సాంపిల్ మా కేంద్రంలోని లోపలి గదిలోనే ఇవ్వాలి, నేనే సీలు వేయాలి, ఫారం నింపాలి, ఐసు పెట్టెలో హైదరాబాద్ పంపాలి. జనవరిలో హైదరాబాద్ ఆసుపత్రిలోనే ఇచ్చిన మొదటి సాంపిల్‌లో ముక్కలు బాగానే ఉన్నాయి. ఉండటమే సహజం.

సభ అయిన పది రోజులకు యుగేందర్ ఫోన్ చేశాడు.

"అన్నా, జనగామ దాక వచ్చుడు అయితలేదు. దుకాణం బందు వెట్టాలె. ఇంటికాడ్నే నింపి అఫ్జల్‌తోటి పంపుత."

అఫ్జల్ అతని చిన్ననాటి దోస్తు. కోళ్ల దాణా వ్యాను నడుపుతూ వారానికి రెండుసార్లు జనగామ వస్తాడు. కుదరదని చెప్పాలి. కానీ ఎందుకు రానంటున్నాడో నాకు తెలుసు. తెలిసినట్టు అతనికి తెలియకూడదు. సరే అన్నాను. అఫ్జల్ ఐసు థర్మాసులో డబ్బా తెచ్చాడు. ఫారంలో "ఎక్కడ సేకరించారు" అన్నచోట "కేంద్రంలో" అని రాశాను. రాసేటప్పుడు రెండోసారి ఆలోచించలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ బాధ.

ఆ సాంపిల్ సున్నా. మార్చిది సున్నా. ఏప్రిల్‌ది సున్నా.

మొదటి సున్నాకే, హైదరాబాద్ ఆసుపత్రిలో ఈ మందు ట్రయల్ చూసే డాక్టర్ నిషాత్ నాకు ఫోన్ చేశారు.

"లక్ష్మీకాంత్ గారూ, జనవరిలో అంత ఉండి ఇంత తొందరగా పూర్తిగా పోయిందా? తగ్గుతూ తగ్గుతూ పోతుంది గానీ, ఇలా ఒక్కసారిగా... సాంపిల్ మీ ముందే తీసుకున్నారు కదా?"

"మా భూపాలపల్లి నేల అట్లాంటిది డాక్టర్ గారూ. పైకి బొగ్గే, లోపల అంతా స్వచ్ఛం" అన్నాను. ఆమె నవ్వారు. ప్రశ్న నవ్వులో కలిసిపోయింది. జవాబు చెప్పకుండా తప్పించుకున్నానని ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

మే నెలలో యుగేందర్‌కు నేనే ఫోన్ చేశాను. "సెలవులు ఒడిసినయి తమ్మీ. ఇగ కాపురానికి కాపీల లెక్క లేదు." "సరే అన్నా" అన్నాడు.

జూలై చివర్లో ఒక పొద్దున కేంద్రం తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తొలి బస్సుకు వచ్చినట్టున్నాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఇంట్ల విజయకు నెలదప్పింది. రెండో నెల."

"మంచి ముచ్చటనే గద."

"గా మూడు డబ్బాలు నావి కావన్నా."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకూడదని మనసు మొండికేసింది.

"అఫ్జల్‌వి" అన్నాడు. "నేను చేసి చూసిన. మూడు దినాలు బాత్రూంల కూసున్న. డబ్బా చేతుల వట్టంగనే మానుకోట నవ్వు ఇనవడుతది. ఒంట్లె ఏం పనిజెయ్యదు. ఆ మీటింగుకు వచ్చినోళ్లు ఎవలో మా ఊళ్లె సుత చెప్పిండ్రు. టీ హోటల్ కాడికి పోతే డబ్బా వీరుడొచ్చిండు అంటున్నరు. అఫ్జల్‌ను నేనే బతిమిలాడిన. వాని తప్పు లేదు."

"మే నెలల నేను ఫోన్ చేసినప్పుడన్న చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? మొగోనికి గా పని సుత రాలేదని చెప్పాల్నా? విజయ అప్పటికే అడుగుతుండె, ఇంకెన్ని దినాలు అని. లేదని చెప్పనీకి రీజను దొరకలే."

ఏఏవీకి పైన కొవ్వు పొర ఉండదు, ఒట్టి మాంసకృత్తుల చిప్ప అంతే. పొర లేని ఆ వైరస్ చేసిన తప్పు ఏమీ లేదు. పొరపాటంతా నాది.

అతను వచ్చింది ఒప్పుకోవడానికి మాత్రమే కాదు.

"నాకొక సాయం చెయ్యి. విజయకు ఫోన్ చేసి, మందు ఎక్కినంక ఏడాది దాక పిల్లలు వద్దని రూలున్నది, తీపిచ్చుకోవాలె అని చెప్పు. నువ్వు చెప్తే ఇంటది. డబ్బాల ముచ్చట ఎత్తకు. బిడ్డకేమైతదో నాకెరుక లేదు. నాకు నిద్ర వడ్తలేదు."

అప్పుడు నా బుర్ర ఎంత చురుకుగా పనిచేసిందో చెబుతాను. ఆ ఒక్క ఫోన్ చేస్తే మూడు సున్నాలు సున్నాలుగానే ఉండిపోతాయి. నా తప్పుడు ఫారం ఎవరూ తెరవరు. దుప్పటి ఒకటే, కప్పుకునేవాళ్లం ఇద్దరం. చలిలో పడేది విజయ ఒక్కతే. ఇదంతా నేను ఒక నిమిషం పాటు లెక్కవేశాను. నిమిషం చిన్నదేమీ కాదు.

ఫోన్ తీశాను. "విజయకేనా?" అన్నాడు. డాక్టర్ నిషాత్‌కు చేసి స్పీకర్ పెట్టాను. అంతా చెప్పాను, సభలో మాటతో సహా.

ఆమె మొదట అడిగింది ఒకటే. "కేంద్రంలో తీసుకున్నామని రాసిన సంతకం మీదేనా?"

"నాదే."

తరవాత యుగేందర్‌తో మాట్లాడారు.

"చూడండి. ఈ మందు తీసుకున్న మగవాళ్ల వీర్యంలో కనబడే ముక్కలు ఎక్కువగా చుట్టూ ఉన్న ద్రవంలోనివి, బీజకణాల లోపలివి కావు. ఇంతవరకూ తండ్రి నుంచి బిడ్డకు ఇది వెళ్లిందని మాకు తెలిసిన కేసు లేదు. ప్రమాదం చాలా తక్కువ. సున్నా అని మాత్రం నేను చెప్పను. సున్నా అని తెలుసుకోవడానికే ఆ పరీక్షలు. గర్భం తీసేయాలని నేను సలహా ఇవ్వను. ఉంచాలా వద్దా అన్నది విజయ గారి ఇష్టం. అన్నీ తెలిశాక ఆమె ఇష్టం. అబద్ధం చెప్పి తీయిస్తే అది వైద్యం కాదు."

"నేనెట్ల చెప్పాలె మేడమ్?" అన్నాడు యుగేందర్.

"మీరు కాదు. లక్ష్మీకాంత్ గారు చెబుతారు. ఈరోజే. వైద్యం సంగతి నన్ను అడగమనండి. జరిగిందేమిటో మాత్రం ఆయనే చెప్పాలి. జరిగినదంతా మీ చేత్తో రాసివ్వండి లక్ష్మీకాంత్ గారూ. నేను ఎథిక్స్ కమిటీకి పంపాలి."

భూపాలపల్లికి అఫ్జల్ వ్యానులోనే వెళ్లాం. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. పరకాల దాటాక అఫ్జలే అన్నాడు.

"భయ్, నాకు మందు గిందు ఏం తెల్వదు. దోస్తు ఏడ్వవట్టిండు, ఇచ్చిన. రక్తం ఇయ్యమంటే ఇయ్యనా, గట్లనే అనుకున్న. గిది రక్తం కన్నా పెద్దదని ఎవలు చెప్పలె."

చెప్పవలసినవాడు అతని పక్కనే ఉన్నాడు.

"నేను చెప్పాల్సింది" అన్నాను.

"నువ్వు థర్మాసు తీస్కొని, దాణా వాసనొస్తుంది వీరునికి అన్నవు. నేను నవ్విన" అన్నాడు అఫ్జల్. నిష్టూరంగా కాదు. జ్ఞాపకం వచ్చి అన్నాడంతే. అందుకే ఎక్కువ తగిలింది.

విజయ అంగన్‌వాడీ టీచర్. అప్పుడే సెంటర్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ముగ్గురినీ ఒక్కసారి చూసి, "ఏమైంది? మల్ల మోకాలా?" అంది భర్తతో. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను చెప్పాను. చీటీ, పుస్తకం, కుట్టు, డబ్బాలు, ఫారం. జోకులు లేకుండా చెబితే ఎంత చిన్నగా అయిపోయిందో ఆ కథ. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒకే ఒక్కటి అడిగింది.

"మానుకోటల ఏమన్నవన్నా? ఆ మాట నాకు ఇనిపియ్యి."

"వద్దమ్మా."

"ఎనభైమంది ఇన్నరు. నా ముచ్చటే గద. నేనొక్కదాన్నే ఇనలె."

చెప్పాను. విత్తనాల దుకాణం, మొలక పరీక్ష, ఇంటామెకు సెలవులు, డబ్బా వీరుడు. మాటమాటా అదే వరసలో. ఎక్కడ ఆగి జనం నవ్వుకు వ్యవధి ఇచ్చానో ఆ చోట్లలో నా గొంతు అలవాటుగా ఆగింది. ఆ ఖాళీల్లో వంటింట్లో కుక్కర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అఫ్జల్ నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఎనిమిదేళ్లలో నేను మాట్లాడిన మాటల్లో నాకే వినబడినవి అవేనేమో.

విజయ భర్త వైపు తిరిగింది.

"గీయన అన్నడు, సరే. నువ్వెందుకు దాస్తివి? నా కడుపుల ఉన్నదానికి నాతోటి అబద్ధం చెప్పనీకి ఫోన్ చేపియ్యవోతివా? రూలున్నదని?"

"సిగ్గయింది" అన్నాడు యుగేందర్.

"నీకు నా కాడ సిగ్గయితే ఇగ ఎవలకాడ కాకపోవాలె?"

ఆ తరవాత ఆమె డాక్టర్ నిషాత్‌తో ముప్పావు గంట మాట్లాడింది. బాలింతల రిజిస్టర్ వెనక పేజీలో రాసుకుంటూ మాట్లాడింది. బిడ్డ పుట్టాక పరీక్ష చేయొచ్చా? బొడ్డుతాడు రక్తంలో ఆ ముక్కలు ఉన్నాయో లేవో చూడొచ్చు. యుగేందర్ జబ్బు బిడ్డకు వస్తుందా? మందు లివర్నే సరిచేసింది, విత్తనాన్ని కాదు. కాబట్టి మగపిల్లవాడైతే తండ్రి నుంచి రాదు, ఆడపిల్లయితే తప్పు చీటీని మోస్తుంది. ఈ లెక్క ఆమెకు పెళ్లికి ముందే తెలుసని, మందుతో ఏమన్నా మారిందేమోనని అడిగిందని విని ఆశ్చర్యపోయాను. ఈ మందు మళ్లీ ఎక్కించొచ్చా? ఎక్కించలేరు. ఆ వైరస్‌ను ఒళ్లు గుర్తుపట్టేసింది, ఇంకోసారి వస్తే గడప దాటనివ్వదు.

ఫోన్ పెట్టేసి, "ఉంచుకుంట" అంది. ఎవరినీ చూసి అనలేదు. "రేపు హైదరాబాద్ పోదాం. నీ డబ్బా నువ్వియ్యి. నేను బయట కూసుంట." యుగేందర్ తల ఊపాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు.

నేను డాక్టర్‌గారు అడిగిన రిపోర్టు అక్కడే రాద్దామని కాగితం తీశాను. "నియమం తప్పడానికి కారణం" అన్నచోట "రోగి సిగ్గుపడటం వల్ల" అని రాశాను. విజయ నా భుజం మీదుగా చదివింది.

"కొట్టెయ్యి."

"అదే గదమ్మా జరిగింది."

"గాయన సిగ్గువడ్డది నిజమే. గది కారణం కాదు. ముందుగాల ఉన్నది రాయి."

కొట్టేశాను. మహబూబాబాద్ సభలో రోగి రహస్య పరీక్ష గురించి నేను ఎనభై మంది ముందు చెప్పి నవ్వించాను, ఆ తరవాత అతను కేంద్రానికి రాలేకపోయాడు, అది తెలిసీ నేను ఇంటి నుంచి సాంపిల్ తీసుకుని కేంద్రంలో తీసుకున్నట్టు మూడుసార్లు రాశాను, డాక్టర్ అడిగితే మాట మార్చాను. నాలుగు వరుసలు. నా జీవితంలో శ్లేష లేకుండా రాసిన నాలుగు వరుసలు. సంతకం పెట్టాను. ఆమె ఫోటో తీసుకుంది.

"ఇగ మా కాయితాలు, డబ్బాలు నీ చేతుల మీదికెల్లి పోవద్దన్నా. సూది సుత వేరేటోళ్లతోటే ఏపిచ్చుకుంటం."

"సరేనమ్మా."

"చాయ్ తాగి పో" అంది. ఇంటికొచ్చినవాణ్ణి ఊరికే పంపకూడదు గనుక అంది. తాగాను.

కమిటీ నన్ను ట్రయల్ పనుల నుంచి తీసేసింది. ఇప్పుడు ఆ ఐసు పెట్టె తాళం నర్సు కట్టమ్మ దగ్గర ఉంటుంది. నేను రక్తం తీస్తాను, బ్యాండేజీలు కడతాను. రెండు వారాల తరవాత అఫ్జల్ దాణా దింపి కేంద్రం ముందు వ్యాను ఆపాడు.

"సున్నా అంట భయ్. గీసారి వానిదే."

"విజయ ఏమన్నది?"

"గిప్పటి సున్నా గిప్పటిదే, మే నెలది కాదన్నది. బిడ్డ పుట్టినంక చూద్దమన్నది."

"నా గురించి ఏమన్న..."

అఫ్జల్ స్టీరింగు మీద చేతులు పెట్టి రోడ్డు వైపు చూశాడు.

"నీ ముచ్చట రాలే భయ్."